సందేహం: భాగవత సప్తాహం వార్త పేపర్లో రావాలంటే ప్రెస్ నోట్ ఎలా రాయాలి?

ఆలయ కమిటీ: నవంబరు 9 ఆదివారం నుంచి 15 శనివారం వరకు మా మండల కేంద్రంలో భాగవత సప్తాహం జరుగుతుంది. నలుగురు విలేకరులకు వాట్సాప్‌లో కరపత్రం పంపాం, ఒక్కరూ వేయలేదు. ప్రెస్ నోట్ విడిగా ఇవ్వాలంటున్నారు. ఎంత రాయాలి, ఎప్పుడు పంపాలి?

గోదారి గట్టు: పక్షం రోజుల ముందే పంపేయండి. ఎంత ముందైతే అంత మంచిది.

పాత డెస్కు: కరపత్రాల ఆవిష్కరణ ఫొటో అయితే పక్షం ముందు పంపినా వేస్తారు, అది ఆ రోజు వార్త. సప్తాహం మొదలయ్యే వార్తను అంత ముందు పంపితే అందరూ మరిచిపోతారు. 6వ తేదీ గానీ 7న గానీ, సాయంత్రం 4 లోపు విలేకరికి చేరాలి. ఆ తర్వాత వచ్చింది పేజీలో చోటు మిగిలితేనే పడుతుంది.

కరపత్రం ఎందుకు పడలేదంటే, అది బొమ్మ. అందులోని అక్షరాలను ఎవరో ఒకరు మళ్లీ టైపు చేయాలి, ఆ తీరిక ఎవరికీ ఉండదు. విషయాన్ని వాట్సాప్ మెసేజ్‌గానే టైపు చేసి పంపండి. డీటీపీ షాపులో అను ఫాంటులో కొట్టించిన ఫైలు పంపొద్దు, ఆ ఫాంటు లేని ఫోన్లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

నోట్ ఈ మాత్రం ఉంటే చాలు:

"భాగవత సప్తాహం 9 నుంచి
......., నవంబరు 7: పట్టణంలోని రామాలయం ఆవరణలో ఈ నెల 9 (ఆదివారం) నుంచి 15 (శనివారం) వరకు భాగవత సప్తాహం నిర్వహిస్తున్నట్లు ఆలయ కమిటీ అధ్యక్షుడు ....... శుక్రవారం తెలిపారు. రోజూ సాయంత్రం 6 నుంచి 8 గంటల వరకు ....... ప్రవచనం చేస్తారని చెప్పారు. 14న రుక్మిణీ కల్యాణం, 15న కుచేలోపాఖ్యానం ఉంటాయన్నారు. ముగింపు రోజు ప్రవచనం తర్వాత ప్రసాద వితరణ ఉంటుందని పేర్కొన్నారు."

చోటు చాలకపోతే డెస్కులో కింది నుంచి కోస్తారు. అందుకే తేదీ, చోటు మొదటి వాక్యంలో, వేళ, ప్రవచకుల పేరు రెండో వాక్యంలో వచ్చేయాలి. చివరి వాక్యాలు పోయినా జనం రాగలగాలి. ఏ రోజు ఏ ఘట్టమన్నది ప్రవచకులను అడిగాకే రాయండి, ఎక్కడ ఆపుతారన్నది ఒక్కొక్కరికీ మారుతుంది.

కృష్ణాతీరం: ప్రకటనకు కాలమ్ సెంటీమీటరు లెక్కన డబ్బు కట్టాలి కదా? అది చెప్పరేం?

పాత డెస్కు: అది యాడ్, ఆయన అడిగింది వార్త. వార్తకు డబ్బుండదు, వేస్తారన్న హామీ కూడా ఉండదు.

ఆలయ కమిటీ: 8న పంపితే "రేపటి నుంచి" అని రాయొచ్చా? తేదీల కన్నా సూటిగా ఉంటుంది కదా.

పాత డెస్కు: అస్సలు వద్దండీ. 8న మీరు "రేపటి నుంచి" అని రాస్తే, పేపరు పాఠకుడి చేతికి వచ్చేది 9 పొద్దున. విలేకరి దాన్ని "నేటి నుంచి" అని మార్చడం మరిచిపోతే, చదివినవాళ్లు 10న వస్తారు. మొదటి రోజు చెప్పే భాగవత మాహాత్మ్యం వాళ్లకు దక్కదు. తేదీ, వారం రెండూ రాయండి. అంకె తప్పు పడితే వారం దగ్గర తేడా కొట్టి డెస్కువాళ్లు ఫోన్ చేస్తారు. రోజులు కూడా వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టుకోండి. "9 నుంచి 16 వరకు" అంటే ఎనిమిది రోజులు, కానీ సప్తాహమని ఉందిగా అని ఎవరూ అనుమానించరు.

సీతాపతి భక్తుడు: మా ఊళ్లో ప్రవచకుల పేరు ముందున్న బిరుదులన్నీ తీసేశారు. పెద్దాయన చాలా నొచ్చుకున్నారు. బిరుదులు ఉంచి తీరాలని నోట్‌లో గట్టిగా రాయొచ్చా?

పాత డెస్కు: రాసినా ఉంచరండీ, పేజీ అంతటికీ ఒకటే పద్ధతి. అందుకని ఆయన ఎవరో ఒక వాక్యంలో చెప్పండి. ఏ ఊరివారు, ఏ శాస్త్రం చదివారు అన్నది సమాచారం కాబట్టి దాన్ని ఉంచుతారు. నాలుగు బిరుదుల కన్నా ఆ వాక్యమే ఆయన్ని పాఠకుడికి బాగా పరిచయం చేస్తుంది. పేరు మాత్రం ఆయన సంతకంలో ఎలా రాస్తారో అడిగి అలాగే టైపు చేయండి. ఇంటిపేరులో ఒక్క ఒత్తు పోయినా వేరే మనిషైపోతారు. ఫొటో ఆయనదొక్కటే, డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అచ్చులో ముఖం మసకబారుతుంది.

గోదారి గట్టు: కమిటీ సభ్యుల పేర్లన్నీ వేయకపోతే ఊళ్లో గొడవే. నేనైతే పన్నెండు పేర్లూ ఇస్తాను.

పాత డెస్కు: ఇవ్వండి, కానీ చివరి వాక్యంలో. కోత పడితే అవే పోతాయని సభ్యులకు ముందే చెప్పి ఉంచండి.

ఆలయ కమిటీ: నోట్ చివర ఫోన్ నంబరు పెట్టాలా? ఏడు రోజులూ రోజువారీ వార్త కూడా పంపాలా?

గోదారి గట్టు: రోజూ పంపండి, జనం పెరుగుతారు.

పాత డెస్కు: నంబరు విలేకరికి విడి మెసేజ్‌లో ఇవ్వండి. నోట్‌లో కలిపితే అచ్చయిపోతుంది. రోజువారీ వార్తల సంగతి నేను ఒప్పుకోను. మూడో రోజుకల్లా విసిగి వేయడం మానేస్తారు, అసలు జనం రావాల్సిన 14 నాటికి మీ మెసేజ్ తెరవరు. 13 మధ్యాహ్నం, రుక్మిణీ కల్యాణం గురించి రెండు వాక్యాలు పంపండి. 14 పొద్దున "నేటి కార్యక్రమాలు"లో పడుతుంది.

గోదారి గట్టు: మా వైపు రోజూ వేస్తున్నారు మరి. విలేకరిని బట్టి ఉంటుంది.