‘అడ్రెసింగ్’, ‘పార్టిషనింగ్’: టాబ్లో పాఠంలో వీటిని తెలుగులో ఏమనాలి?

నల్గొండ, అడిగినవారు
అందరికీ నమస్కారం. సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు టాబ్లో నేర్పిస్తుంటాను, డేటాను పట్టికలుగా, బొమ్మలుగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. అందరూ తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే. రన్నింగ్ టోటల్ దాకా బాగానే వస్తారు. ‘అడ్రెసింగ్’, ‘పార్టిషనింగ్’ అనే మాటలు వచ్చేసరికి ఆగిపోతారు. మొన్న ఒకమ్మాయి, "సార్, అడ్రెసింగ్ అంటే ఎవరి అడ్రస్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

క్లాసు కోసం నేనే తయారుచేసిన లెక్క ఇది, వడ్ల బస్తాలది. మిర్యాలగూడలో నవంబర్ 400, డిసెంబర్ 600, జనవరి 200. దేవరకొండలో అవే నెలలకు 100, 120, 90. రోస్‌లో ముందు Mandal, తర్వాత Month పెట్టాం. ఫార్ములా ఇంతే:

```
RUNNING_SUM(SUM([Bags]))
```

మిర్యాలగూడకు 400, 1000, 1200 సరిగ్గానే వచ్చింది. దేవరకొండ మాత్రం 100తో కాకుండా 1300తో మొదలైంది. తప్పు ఎక్కడుందో చూపించగలను. దాని పేరు ఎలా చెప్పాలో తెలియక అడుగుతున్నాను.

నకిరేకల్, రిటైర్డ్ తెలుగు పండితులు
అడ్రెసింగ్ అంటే సంబోధన బాబూ. ‘ఓ రామా’ అన్నట్టు పిలవడం. పార్టిషనింగ్ విభజన. ‘విభక్తి’ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది, కాబట్టి రెండు మాటలూ వ్యాకరణంలోనే సిద్ధంగా ఉన్నాయి.

దేవరకొండ, ఆఫీసులో రిపోర్టులు చేసే తమ్ముడు
అన్నా, పేరుతో పనేముంది? Compute Using లో Pane (down) పెట్టండి. దేవరకొండ 100 నుంచి మొదలవుతుంది. నేను రోజూ చేసేది అదే.

మిర్యాలగూడ, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం
సార్, విభజన సరిగ్గా కుదిరింది. సంబోధన మాత్రం కుదరదు, ఇక్కడ ఎవరినీ పిలవడం లేదు. లెక్క ఏ ఫీల్డ్ వెంబడి ఒక్కో అడుగు వేస్తూ పోతుందో, దాన్ని అడ్రెసింగ్ అంటారు. ఎక్కడ ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుందో, అది పార్టిషనింగ్.

తమ్ముడు చెప్పింది ఈ టేబుల్‌కు సరిపోతుంది. కానీ Month ను తీసి కాలమ్స్‌లో పెట్టి చూడు. Pane (down) అప్పుడు నెలల వెంబడి నడవదు, మండలాల మీదుగా కిందికి దిగుతుంది. నవంబర్ కింద మిర్యాలగూడకు 400, దేవరకొండకు 500 చూపిస్తుంది. 500 అంటే రెండు మండలాల నవంబర్ బస్తాలు కలిపిన లెక్క. నువ్వు ఫార్ములా మార్చలేదు, బొమ్మ మార్చావు, లెక్క అర్థమే మారిపోయింది. Pane, Table అనేవి తెర మీద దిక్కులు. అందుకే Specific Dimensions ఎంచుకుని, Month కు మాత్రమే టిక్ పెట్టి, Mandal కు తీసేయమంటాను. టిక్ ఉన్నది నడిచే దారి, టిక్ లేనిది ఆగే హద్దు. అప్పుడు ఫీల్డులను ఎటు జరిపినా దేవరకొండ 100, 220, 310 గానే ఉంటుంది.

దేవరకొండ తమ్ముడు
ఇప్పుడే జరిపి చూశాను అన్నా. నిజమే, 500 వచ్చింది. పార్టిషన్ కావాలంటే Mandal కే టిక్ పెట్టాలేమో అనుకునేవాణ్ని ఇన్నాళ్లు.

మిర్యాలగూడ
చాలామంది అక్కడే తడబడతారు. ‘మండలం వారీగా కావాలి’ అనుకోగానే చెయ్యి మండలం మీదికి పోతుంది. అది తెలుగు వాడుక వల్ల కూడా అని నా అనుమానం. ‘మండలం వారీగా’ అన్నప్పుడు మన మనసులో మండలమే ముందుంటుంది, నడిచే నెల మాత్రం మాటలో కనిపించదు. అందుకే ‘ప్రతి మండలంలో నెల నెలా’ అని పూర్తిగా చెప్పించండి. నెలకు టిక్, మండలానికి లేదు.

హాలియా, రైతు కుటుంబం, టీచరమ్మ
ఇది వింటుంటే మా పొలమే కనిపిస్తోంది. నాగలి సాలు వెంబడి పోతుంది, మడి అంచుకు రాగానే ఆగుతుంది. పక్క మడిలో కొత్త సాలు మొదలు. పార్టిషన్‌కు ‘మడి’, అడ్రెసింగ్‌కు ‘సాలు’ అనండి సార్. పిల్లలకు విడమరిచి చెప్పక్కరలేదు.

నకిరేకల్ పండితులు
సాలు బాగుంది తల్లీ, నా సంబోధన వదిలేస్తున్నాను. మడి అంటే కొందరికి పూజ మడి గుర్తుకొస్తుంది. ‘గెట్టు’ అంటే హద్దు స్పష్టంగా ఉంటుంది కదా?

హాలియా టీచరమ్మ
గెట్టు గీత మాత్రమే సార్. ఇక్కడ పేరు కావల్సింది గీతకు కాదు, లోపలున్న జాగాకు.

పాలమూరు, హాస్టల్ సామాన్ల లెక్కలు చూసే అక్క
నా బాధ వేరే. ముందు నెలతో పోల్చే శాతం తేడా పెట్టాక నవంబర్ వద్దని ఫిల్టర్‌లో తీసేశాను. డిసెంబర్ గడి ఖాళీ అయిపోయింది. ఇది కూడా ఈ మడి గొడవేనా?

మిర్యాలగూడ
కాదక్కా. మామూలు ఫిల్టర్ ముందు పని చేస్తుంది, టేబుల్ లెక్క ఆ తర్వాత మిగిలినదాని మీద నడుస్తుంది. నవంబరే లేనప్పుడు డిసెంబర్ వెనక్కి చూస్తే ఎవరూ ఉండరు. నవంబర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Hide అనండి. కంటికి కనపడదు, లెక్కలో ఉంటుంది.

మీరు శాతం తేడా అన్నారు కాబట్టి క్లాసుకు పనికొచ్చే ఒక గుర్తు చెబుతాను. టాబ్లో ఆ లెక్కను ఇలా రాస్తుంది:

```
(ZN(SUM([Bags])) - LOOKUP(ZN(SUM([Bags])), -1))
/ ABS(LOOKUP(ZN(SUM([Bags])), -1))
```

-1 అంటే అదే సాలులో ఒక అడుగు వెనక్కి. మడిలో మొదటి అడుగుకు వెనక ఏమీ లేదు కాబట్టి ఆ గడి ఖాళీగానే ఉండాలి. Mandal, Month రెండిటికీ టిక్ పెట్టి, Mandal ను పైన ఉంచితే దేవరకొండ నవంబర్‌లో –50% కనిపిస్తుంది. ఎందుకంటే దాని 100ను మిర్యాలగూడ జనవరి 200తో పోల్చింది. చూడటానికి నమ్మేలాగే ఉంటుంది, అదే ప్రమాదం. టిక్ సరిచేస్తే ఆ గడి ఖాళీ అవుతుంది, డిసెంబర్ 20%, జనవరి –25% వస్తాయి. పిల్లలకు ఖాళీ గడి తప్పులా కనిపించి, దాన్ని నింపాలని చూస్తారు. ప్రతి మడిలో మొదటి గడి ఖాళీగా ఉంటేనే లెక్క సరైన చోట మొదలైనట్టు.

నకిరేకల్ పండితులు
ఒక సందేహం. ‘శాతం తేడా’ అంటే నాకు రెండు శాతాల మధ్య తేడా అనిపిస్తుంది. 20 శాతం 25 అయితే తేడా 5 కదా?

మిర్యాలగూడ
టాబ్లో అక్కడ 25% అంటుంది సార్, 20 మీద 5 పెరిగింది కనుక. నేను ‘పెరిగిన శాతం’ అంటాను.

పాలమూరు అక్క
తగ్గినప్పుడు కూడా పెరిగిన శాతం అంటామా తమ్ముడూ? ‘మార్పు శాతం’ అంటే రెండింటికీ సరిపోతుంది.

నల్గొండ, అడిగినవారు
రేపటి క్లాసులో మడి, సాలు వాడతాను. రన్నింగ్ టోటల్‌కు ‘ఇప్పటిదాకా వెరసి’ అందామనుకుంటున్నాను. ‘నడుస్తున్న మొత్తం’ నా చెవికి అతకలేదు. మార్పు శాతం మీద ఇంకా ఎవరైనా చెప్పండి. ఒక్క ప్రశ్న మిగిలింది. మండలం లోపల కొనుగోలు సెంటర్ కూడా రోస్‌లో ఉంటే మడి ఏది?

మిర్యాలగూడ
టిక్ లేనివన్నీ కలిసి మడిని గీస్తాయి. మండలానికీ సెంటర్‌కూ టిక్ లేకుంటే, ప్రతి మండలంలో ప్రతి సెంటర్ ఒక చిన్న మడి. సెంటర్‌కు టిక్ పెడితే మండలం మొత్తం ఒకే మడి అవుతుంది, సాలు సెంటర్ల మీదుగా, నెలల మీదుగా పోతుంది. అప్పుడు టిక్కులు పెట్టిన వరసను చూసుకోవాలి. పైనున్నది సెంటర్ అయితే ఒక సెంటర్ నెలలన్నీ అయ్యాకే తర్వాతి సెంటర్‌కు వెళ్తుంది. Month పైనుంటే ఒక నెలలో సెంటర్లన్నీ తిరిగి వచ్చాకే తర్వాతి నెల.