200 లక్షల పనికి 20 లక్షల కంటింజెన్సీ: బోర్డు 5 శాతమే ఇస్తానంటోంది

పద్దులమనిషి
మా సంస్థ పాత భవనాన్ని బాగుచేయించి, కొత్తగా లిఫ్ట్ పెట్టిస్తున్నాం. ఎస్టిమేట్ 200 లక్షలు. అనుకోని ఖర్చులకని దానిమీద 10 శాతం వేశాను. బోర్డులో ఒకాయన "ఎస్టిమేట్ సరిగ్గా వేస్తే ఇదెందుకు? 5 శాతం చాలు" అంటున్నారు. అందరూ 10 వేస్తారని తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు. ఏం చెప్పాలి?

ఇటుకసున్నం
బోర్డుతో వాదన పెట్టుకోకండి. ఆ లైన్ ఎత్తేసి వైరింగ్‌లో కొంత, ప్లాస్టరింగ్‌లో కొంత, రంగుల్లో కొంత కలిపేయండి. మేం ఏళ్లుగా చేస్తున్నది అదే. ఇంకో మాట, కాంట్రాక్టర్లు ఇచ్చిన కొటేషన్లలో వాళ్లు కలుపుకున్నది ఇప్పటికే ఉంటుంది. దానిమీద మళ్లీ మీరు 10 శాతం వేస్తే ఒకే భయానికి రెండుసార్లు డబ్బు కట్టినట్టే.

అంచనా
రెండోసారి లెక్కపెట్టకూడదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. కొటేషన్లు ముందేసుకుని, ఎవరు ఏ భయానికి ఎంత కలిపారో అడిగి తీసేయించాలి. కానీ లైన్లలో దాచమన్న సలహా మాత్రం వద్దు. రంగుల లైన్‌లో మిగులు ఉందని తెలిస్తే అది ఇంకాస్త మంచి రంగులకే పోతుంది. గోడ పగలగొట్టాక పైపులు కుళ్లిపోయి కనిపించిన రోజున ఆ డబ్బు ఉండదు. పైగా దాచింది బయటపడితే మీ మిగతా అంకెలన్నిటినీ బోర్డు అనుమానిస్తుంది.

పద్దులమనిషి గారూ, శాతంతో మొదలుపెడితే ఎదుటివారూ శాతంతోనే బేరమాడతారు. మీరు దేనికి భయపడుతున్నారో ముందు అది రాయండి. ఏది జరగొచ్చు, జరిగితే ఎంత, జరిగే అవకాశమెంత?

నిత్యనిధి
మేమైతే ఆరు నెలల జీతాలకు, అద్దెకు సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచుతాం. బోర్డు ఇంతవరకు కాదనలేదు. మీరూ అలాగే అడగండి.

అంచనా
అది సంస్థ రాబడి ఆగిపోతే ఆదుకునే నిధి. ఇక్కడి ప్రశ్న ఒక్క పనికి సంబంధించింది. పని అయిపోగానే ఈ నిధి కూడా మూసేయాలి. రెండింటినీ కలిపితే "మన దగ్గర నిధి ఉందిగా, మళ్లీ ఎందుకు?" అని బోర్డే అడుగుతుంది.

పద్దులమనిషి
ఇంజినీరుతో కూర్చుని రాశాను. నాలుగు తేలాయి. గోడల్లోని పాత వైరింగ్, పైపులు మొత్తం మార్చాల్సి రావడం: అవకాశం 40 శాతం, ఖర్చు 20 లక్షలు. ఆర్డర్ ఇచ్చేలోపు సామగ్రి ధర పెరగడం: 50 శాతం, 8 లక్షలు. పని ఆలస్యమై తాత్కాలిక ఆఫీసుకు అదనపు అద్దె: 30 శాతం, 10 లక్షలు. లిఫ్ట్ గొయ్యి కింద నేల బలహీనంగా ఉండటం: 10 శాతం, 40 లక్షలు. ఒక్కో ఖర్చును దాని అవకాశంతో గుణించి కూడితే 19 వచ్చింది. నేనడిగిన 20కి దగ్గరగానే ఉంది కదా?

అంచనా
దగ్గరగా రావడం కాకతాళీయం. ఆ 19తో బోర్డు ముందుకు వెళ్లకండి, ఒక్క ప్రశ్నకే పడిపోతుంది. నేల సంగతే చూడండి. దానికోసం మీరు 4 లక్షలు వేశారు. నేల బాగుంటే ఆ 4 అక్కర్లేదు, బాగోకపోతే 4 ఏ మూలకూ చాలదు. ఎప్పుడో గానీ రానిది, వస్తే మాత్రం పెద్దది. అలాంటిదాన్ని సగటు లెక్కలో కలపకూడదు. గొయ్యి తవ్వేచోట ఇప్పుడే మట్టి పరీక్ష చేయించండి. నేల బలహీనమని తేలితే లిఫ్ట్ ఉండాలా వద్దా అన్నది బోర్డు విడిగా తీసుకోవాల్సిన నిర్ణయం, మీ రిజర్వ్ మోయాల్సిన బరువు కాదు.

మిగిలిన మూడింటికి సగటు 15. సగటు చెప్పకుండా, ఎంత డబ్బు పెడితే ఎంతవరకు సరిపోతుందో చూపించండి. మూడూ జరగొచ్చు, జరగకపోవచ్చు. మొత్తం ఎనిమిది రకాల కలయికలు, ఒక్క కాగితం మీద పట్టేస్తాయి. వాటి అవకాశాలు కూడితే 10 లక్షలు సరిపోయే అవకాశం 51 శాతం, 20 లక్షలైతే 74, 28 లక్షలైతే 88.

ఇప్పుడు ఆ పెద్దాయనకు చెప్పాల్సింది ఇదీ: "5 శాతం ఇస్తే, సగానికి సగం అవకాశం, పని మధ్యలో మళ్లీ డబ్బు అడుగుతూ మీ ముందుకు వస్తాను. గోడలు పగిలి ఉంటాయి, పని ఆగి ఉంటుంది, ధర విషయంలో కాంట్రాక్టర్‌తో గట్టిగా మాట్లాడే వీలుండదు. అది మీకు సమ్మతమేనా?" ఎంత ముప్పు భరించాలో తేల్చుకోవాల్సింది వాళ్లు. ఏ ముప్పుకు ఎంత ఖరీదో చెప్పడం మీ పని.

వెనకవరుస
నేను బోర్డుల్లో కూర్చునే మనిషిని. అటువైపు మాట కూడా వినండి. ఆ 40 శాతం ఎవరు చెప్పారు? ఇంజినీరు తన రక్షణ కోసం పెంచి చెప్పలేదని నమ్మకమేమిటి? పైగా రిజర్వ్ ఉందని తెలిస్తే అది ఖర్చు కాకుండా మిగిలిన పని నేను చూడలేదు. "ఎలాగూ గోడ తీశాం, ఇది కూడా మార్చేద్దాం" అంటారు. డబ్బు అయిపోయాక మళ్లీ వస్తారు.

అంచనా
మొదటిదానికి రెండు జవాబులు. ఒకటి, నమ్మకం అడగక్కర్లేదు, చూసి రావచ్చు. వేర్వేరు అంతస్తుల్లో రెండు మూడు చోట్ల గోడ తెరిచి వైరింగ్, పైపులు చూస్తే 40 పెరుగుతుందో తగ్గుతుందో తెలుస్తుంది. సంస్థ ఇంతకుముందు చేయించిన పనుల్లో ఎస్టిమేట్‌నూ చివరి బిల్లునూ పక్కపక్కన పెట్టడం ఇంకా మంచిది. రెండోది, మీ అనుమానమే నిజమనుకుని 40ని 25 చేద్దాం. అప్పుడు కూడా 10 లక్షలు సరిపోయే అవకాశం 64 శాతమే. అంకె మారినా 5 శాతం చాలదన్న మాట మారలేదు.

ఖర్చైపోతుందన్న మీ భయంతో నేను ఏకీభవిస్తాను. అందుకే ప్రతి రూపాయీ రాసుకున్న ముప్పుల్లో ఒకదాని పేరు మీదే బయటికి రావాలి. "ఎలాగూ గోడ తీశాం" అన్నది ఆ జాబితాలో లేదు, కాబట్టి దానికి డబ్బూ లేదు. ముప్పు దాటిపోతే డబ్బు వెనక్కి వెళ్లాలి. 28 ఇచ్చారనుకుందాం. గోడలన్నీ తెరిచాక వైరింగ్ బాగానే ఉందని తేలితే ఇక ధర, ఆలస్యం మిగులుతాయి. అవి రెండూ జరిగినా 18 దాటదు. ఆ రోజే 10 లక్షలు బోర్డుకు తిరిగి ఇచ్చేయాలి. ఇది తీర్మానంలోనే రాయించండి.

ఇటుకసున్నం
లెక్క బాగుంది కానీ ఒకటి వదిలేశారు. పైపులన్నీ మార్చాల్సి వస్తే పని ఆలస్యం కాకుండా ఉంటుందా? మీరు ఆ రెండూ సంబంధం లేనట్టు లెక్కేశారు.

అంచనా
మంచి మాట పట్టుకున్నారు. పైపులు మార్చాల్సి వస్తే ఆలస్యం అవకాశం 60 శాతం, లేకపోతే 10 అనుకోండి. మొత్తంమీద అది 30గానే ఉంటుంది, సగటూ మారదు. కానీ 28 లక్షలు సరిపోయే అవకాశం 88 నుంచి 76కి పడిపోతుంది. పైపులూ ఆలస్యమూ కలిసొస్తే 30 కావాలి, అందుకని. రిజర్వ్ 30 చేస్తే మళ్లీ 88. పద్దులమనిషి గారూ, నేనైతే 30 అడుగుతాను.

వెనకవరుస
తిరిగి ఇచ్చే షరతు ఉంటే నేను 30కి ఓటేస్తాను. కానీ తాళం బోర్డు దగ్గరే ఉండాలి.

ఇటుకసున్నం
మీ బోర్డు మూడు నెలలకోసారి కూర్చుంటుంది. అప్పటిదాకా గోడ తెరిచి ఉంచి కూలీలను ఖాళీగా కూర్చోబెట్టమంటారా? ఆ ఆలస్యమే ఇంకో 10 లక్షలు తింటుంది. కొంత మొత్తం వరకు సైట్ మేనేజర్ సంతకం చాలాలి.

వెనకవరుస
సైట్ మేనేజర్‌కి మాత్రం ఒప్పుకోను. కోశాధికారి, ఇంజినీరు ఇద్దరూ సంతకం పెడితే ఆలోచిస్తాను.

పద్దులమనిషి
మట్టి పరీక్షకు రేపే చెబుతున్నాను. 10 శాతం అన్న మాట కాగితంలోంచి తీసేసి, 10, 20, 30 లక్షలకు ఎంతెంత అవకాశమో మూడు వరుసల్లో వేస్తున్నాను. 30 అంటే మా పెద్దాయన కుర్చీలోంచి లేస్తారేమో, కానీ ఈసారి చూపించడానికి లెక్క ఉంది. సంతకం ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. మా బోర్డు కూడా మూడు నెలలకోసారే కూర్చుంటుంది.