ఏడో నెలలో ఎల్‌డీఎల్ 255: ఆపిన మాత్ర మళ్లీ మొదలెట్టాలా?

కాకినాడ అమ్మాయి
నాకు 30 ఏళ్లు, ఏడో నెల. మా నాన్నగారికి 41కే గుండెపోటు వచ్చింది. పెళ్లికి ముందే నా చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 210. దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర, రోసువాస్టాటిన్ 10, వేసుకుంటే 115కి దిగింది. ఆరో వారంలో కడుపు అని తెలిసిన రోజే డాక్టరమ్మ ఆపించారు. మొన్న పుట్టింటికొచ్చి పరీక్ష చేయించుకుంటే మొత్తం 367, ఎల్‌డీఎల్ 255, రక్తంలోని మరో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 260. ఎల్‌డీఎల్ రెట్టింపు దాటిపోయింది. మాత్ర మళ్లీ మొదలెట్టాలా? పురుడయ్యాక పాలిస్తూ వేసుకోవచ్చా? తెలియక ఆరు వారాలు వేసుకున్నాను, బిడ్డకేమైనా అవుతుందా?

గూగుల్ బావ
భయమెందుకండీ, వేసేసుకోండి. గర్భిణులు స్టాటిన్ వాడకూడదన్న నిషేధాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే ఎత్తేసింది. మన డాక్టర్లు ఇంకా పాత పుస్తకమే పట్టుకుని కూర్చున్నారు. నాన్నగారికి 41కే వచ్చిందంటే మీరు నెలల తరబడి మందు లేకుండా ఉండటమే అసలు ప్రమాదం.

సిద్దిపేట పెద్దమ్మ
ఇదంతా నెయ్యి పని బిడ్డా. పుట్టింటికి పోతే ఊకుంటరా, సున్నుండలు, నేతి ముద్దలు పెడతనే ఉంటరు. మా కోడలికి గూడ గిట్లనే ఎక్కిందంటే నెల రోజులు నెయ్యి బంద్ చేసినం. మళ్ల చేయిస్తే ఇంకింత పెరిగింది! ఎందుకో ఇప్పటికీ సమజ్ కాలే.

రాత్రి డ్యూటీ డాక్టర్
పెద్దమ్మగారి కోడలి సంగతిలోనే సగం జవాబుంది. నెయ్యి మానినా పెరిగిందంటే, ఆ నెల రోజుల్లో కడుపు కూడా ఒక నెల ముదిరింది కదా. మూడో నెల దాటాక కొలెస్ట్రాల్ పెరుగుతూ పోయి నెలలు నిండేవేళకి గరిష్ఠానికి చేరుతుంది. మామూలు గర్భిణికే మొత్తం కొలెస్ట్రాల్ పాతిక నుంచి యాభై శాతం దాకా పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రెట్లవుతాయి. ఇది జబ్బు కాదు. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టరాన్ హార్మోన్‌ని మాయ, తల్లి రక్తంలోని కొలెస్ట్రాల్ నుంచే తయారుచేసుకుంటుంది.

ఇక మీ లెక్క చూద్దామమ్మా. మీరు 255ని 115తో పోలుస్తున్నారు, అందుకే గుండె జారింది. 115 మాత్ర తెచ్చిన అంకె, మీ ఒంటి అసలు అంకె 210. మాత్ర ఆపగానే 115 నుంచి 210కి వెళ్లడం ఖాయం. గర్భం వల్ల పెరిగింది 210 నుంచి 255 వరకే, అంటే సుమారు ఇరవై శాతం. మీ వయసులో, నాన్నగారి చరిత్రతో 210 ఉందంటే అది వంశపారంపర్యమని అనుమానించాలి. అలాంటి వాళ్లలోనూ గర్భంలో పెరుగుదల శాతం దాదాపు మామూలు వాళ్లంతే. మొదలే ఎత్తున ఉంది కాబట్టి అంకె భయపెడుతోంది.

గూగుల్ బావ
సరే, మరి ఎఫ్‌డీఏ మాటేమిటి? దానికి జవాబు రాలేదు.

రాత్రి డ్యూటీ డాక్టర్
మీరు చదివింది నిజమే, సగం దగ్గర ఆపేశారు. 2021లో తీయమన్నది ‘గర్భిణులెవరికీ, ఏ పరిస్థితిలోనూ వద్దు’ అన్న అతి కఠినమైన హెచ్చరికను. గర్భం తెలియగానే ఎక్కువ మంది ఆపేయాలన్న సలహా అదే ప్రకటనలో అలాగే ఉంది. ఇదివరకే గుండెపోటు వచ్చిన వాళ్లు, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వచ్చి ఎల్‌డీఎల్ 400, 500 దాటే వాళ్లు, అలాంటి కొద్దిమందికి డాక్టరు ఆలోచించి కొనసాగించే వీలిచ్చారు. ఈవిడ ఆ కోవలోకి రారు.

ఆపడానికి కారణం బిడ్డకి విషమని తేలడం కాదు. కణాల గోడలకీ మెదడుకీ బిడ్డకి కొలెస్ట్రాల్ కావాలి, స్టాటిన్ ఆపేది ఆ తయారీనే. ఇటు తల్లి ధమనుల్లో పూడిక దశాబ్దాల మీద పేరుకునేది, ఎనిమిది నెలల విరామంతో వచ్చే నష్టం బహు స్వల్పం. లాభం చిన్నదైనప్పుడు చిన్న అనుమానం చాలు, ఆపేస్తాం.

ఆ ఆరు వారాల గురించి నిద్ర మానుకోకండి. తొలి మూడు నెలల్లో స్టాటిన్ వాడిన 1152 మందిని, దాదాపు తొమ్మిది లక్షల గర్భాలున్న అమెరికా సమాచారంలో పోల్చి చూసి 2015లో ప్రచురించారు. షుగరు లాంటి ఇతర కారణాలు తీసేశాక అవయవలోపాలు చెప్పుకోదగ్గంతగా పెరిగినట్టు కనబడలేదు. పూర్తి హామీ అనను, కానీ తెలియక వేసుకున్నందుకు గర్భం తీయించుకోవాలనే భయానికి ఆధారం లేదు.

మీ రిపోర్టులో నేను కన్నేసి ఉంచేది ఎల్‌డీఎల్ మీద కాదు, ట్రైగ్లిజరైడ్ల మీద. 260 ఈ నెలకి మామూలే. అవి 500 దాటి పెరుగుతుంటే జాగ్రత్తపడాలి, వెయ్యి దాటితే క్లోమానికి వాపొచ్చే ప్రమాదం. పైకడుపులో తెరిపివ్వని నొప్పి వచ్చి వీపులోకి పొడుస్తుంటే, వాంతులవుతుంటే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండకూడదు. అలాంటి వాళ్ల రక్తం తీసి కాసేపుంచితే పైన పాలలా తేరుతుంది, ల్యాబ్ వాళ్లే ముందు గమనిస్తారు.

బాలింత నం. 2
నా అనుభవం చెప్తాను. నలభయ్యో రోజున పరీక్ష చేస్తే మొత్తం 270. ఒక చోట చూపిస్తే వెంటనే స్టాటిన్ రాసి, బాబుకి డబ్బా పాలు పట్టమన్నారు. పాలు కట్టేసిన బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత ఇంకో డాక్టరు మందు ఆపించి రెండు నెలలాగి చూస్తే 188. అసలు ఆ మందే అక్కర్లేదట.

రాత్రి డ్యూటీ డాక్టర్
నలభయ్యో రోజు తొందరే. పెరిగింది దిగడానికి వ్యవధి పడుతుంది. ట్రైగ్లిజరైడ్లు పాలిచ్చే వాళ్లలో త్వరగా దిగుతాయి, ఎందుకంటే ఆ కొవ్వు పాలలోకి వెళ్తుంది. ఎల్‌డీఎల్ నిదానం. మూడో నెల దాటాక చేయిస్తే నమ్మొచ్చు.

కాకినాడ అమ్మాయి
నాది ఎలాగూ 210 దగ్గరికే కదా దిగేది? అప్పుడు పాలివ్వనా, మాత్ర వేసుకోనా?

గూగుల్ బావ
పాలలోకి వెళ్లేది కొంచెమేనట. రెండూ చేయొచ్చు కదా.

రాత్రి డ్యూటీ డాక్టర్
కొంచెమే, నిజం. కానీ ఆ కొంచెం రోజూ తాగిన పసివాళ్లని ఏళ్లపాటు గమనించిన వివరాలు లేవు. అందుకే స్టాటిన్ తప్పనిసరైతే పాలివ్వొద్దనే ఇప్పటికీ చెబుతారు. మధ్యలో కొలెసెవెలామ్ అని ఒకటుంది. అది పేగులోనే ఉండిపోతుంది, రక్తంలోకి ఎక్కదు, కాబట్టి పాలలోకీ రాదు. ఎల్‌డీఎల్‌ని ఏ పదిహేను శాతమో దించుతుంది. మలబద్ధకం తెస్తుంది, పైగా ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది. అందుకే ఇప్పుడు మీకు నేను రాయను, పురుడయ్యాక అవి దిగితే ఆలోచించొచ్చు.

నా లెక్కలో ఆరు నెలలు పాలిచ్చి, అన్నం ముట్టించాక మాత్ర మొదలెట్టడం సబబు.

కొలెస్ట్రాల్ కూతురు
నాదీ ఈ అమ్మాయి ఇంటి జబ్బే, అందుకే ఒప్పుకోలేను డాక్టరుగారూ. ఒక్క కాన్పు లెక్కే వేశారు. కడుపు కోసం ముందుగా మూడు నెలలు ఆపమన్నారు, నిలవడానికి ఏడాది పట్టింది, తర్వాత తొమ్మిది నెలలు, పాలు ఏడాదిన్నర. ఇద్దరు పిల్లలకి నాకు దాదాపు ఏడేళ్లు మందు లేదు. పదేళ్ల వయసు నుంచీ ఎక్కువున్న ఒంటికి అది స్వల్పమా?

రాత్రి డ్యూటీ డాక్టర్
కాదు. అక్కడ నా దగ్గర గట్టి జవాబు లేదు. ప్రయత్నం చేస్తున్న నెలల్లో వేసుకుంటూ ఉండి, పరీక్షలో తేలగానే ఆపమనే వాళ్లు మాలో పెరుగుతున్నారు. మూడు నెలల ముందే ఆపమనే వాళ్లూ ఉన్నారు.

సిద్దిపేట పెద్దమ్మ
అయితే కాయంల నెయ్యి పోసుడా, వద్దా? గది చెప్పున్రి సారూ.

రాత్రి డ్యూటీ డాక్టర్
మీ కోడలికైతే పోయండి పెద్దమ్మా. ఈ అమ్మాయికి మాత్రం చెంచాతో.

కాకినాడ అమ్మాయి
మా అమ్మకి ఇది చదివి వినిపించాను. 210 నుంచి అన్న లెక్క విన్నాక కుదుటపడింది. ఆరు నెలలా, ఏడాదా అన్నది మూడో నెల పరీక్ష చూశాకే. కాకపోతే మా తమ్ముడికి 26, వాడింతవరకు ఒక్కసారీ చేయించుకోలేదు. రేపు పరగడుపున ల్యాబ్‌కి తోలుతున్నాను.