చుట్టుకొలత: దారం, టైల్స్ ముందా, సూత్రం ముందా?

రాజాం అమ్మ:
మా పాప నాలుగో తరగతి. బళ్లో చుట్టుకొలత మొదలుపెట్టి వారం దాటినా ఇంకా సూత్రం చెప్పలేదు. టైల్స్ అని అట్టతో కోసిన చదరపు ముక్కలు, దారం ఇచ్చి కొలవమంటున్నారు. వరసకి నాలుగు చొప్పున మూడు వరసలు పేర్చిన బొమ్మకి పాప ఒకసారి 10 అంది, ఇంకోసారి 18 అంది. సూత్రం చెబితే 14 అని నిమిషంలో తేలిపోయేది కదా. ఈ దారాలూ ముక్కలూ నిజంగా అవసరమా, కాలక్షేపమా?

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
కాలక్షేపమేనమ్మా. పొడవు, వెడల్పు కూడి రెండింతలు చెయ్యమని చెప్పి పది లెక్కలు చేయిస్తే ఆ సాయంత్రానికే పట్టుబడుతుంది. 40 మంది ఉన్న క్లాసులో దారాలు పంచి, చిక్కులు విప్పి, మళ్లీ ఏరుకునేసరికే బెల్లు కొట్టేస్తారు. పరీక్షలో దారం ఇవ్వరు కదా.

బొబ్బిలి టీచరమ్మ:
అమ్మా, పాప చెప్పిన 10, 18 నోటికొచ్చిన అంకెలు కావు. రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే మీకే తెలుస్తుంది.

10 అన్నప్పుడు అంచున ఉన్న ముక్కల్ని లెక్కపెట్టింది. పై వరసలో 4, కింద వరసలో 4, మధ్య వరసలో అటొకటి, ఇటొకటి. మూలన ఉన్న ముక్కకి బయటికి రెండు భుజాలు కనిపిస్తాయి. ముక్కగా లెక్కపెడితే అది ఒకటే అవుతుంది. నాలుగు మూలల దగ్గర నాలుగు అలా తగ్గిపోయాయి. 18 అన్నప్పుడు బొమ్మ చుట్టూ బయట ముక్కలు పేర్చి లెక్కపెట్టి ఉంటుంది. పైన 4, కింద 4, పక్కల మూడేసి, మూలల సందుల్లో మరో నాలుగు. ఆ మూల ముక్కలు బొమ్మకి మూల మీద మాత్రమే తగులుతాయి, ఏ భుజానికీ ఆనవు. అక్కడ నాలుగు ఎక్కువయ్యాయి. పాపకి లెక్క రాక కాదు, దేన్ని లెక్కపెట్టాలో ఇంకా తేలలేదు. ముక్కల్ని కాదు, బయటికి కనిపించే భుజాల్ని లెక్కపెట్టాలి.

ఇక్కడే దారం పనికొస్తుంది. ముక్క భుజం 3 సెంటీమీటర్లు అనుకోండి. 10 నిజమైతే దారం 30 సెంటీమీటర్లు పట్టాలి, 18 అయితే 54 పట్టాలి. అంచు వెంట దారం పెట్టి చూస్తే 42 దగ్గరకొస్తుంది. 42ని మూడేసి చొప్పున విడదీస్తే 14. మనం తప్పు అని చెప్పక్కర్లేదు, దారమే చెబుతుంది.

ఇంట్లో చేయిస్తే కొన్ని జాగ్రత్తలు. ఉన్ని దారం వద్దు, సాగుతుంది. పొట్లాలు కట్టే ట్వైన్ దారం మంచిది. పల్చటి అట్ట ముక్కల మీద నుంచి దారం జారిపోతుంది కాబట్టి ముక్కల్ని ముందు మందపాటి అట్ట మీద అతికించండి. మొదలుపెట్టిన చోట బొమ్మ మీదా దారం మీదా పెన్నుతో గీత పెట్టాలి. ప్రతి మూల దగ్గరా బొటనవేలితో నొక్కి అప్పుడే తిప్పాలి. ముడి వెయ్యొద్దు, ముడి కొంత దారాన్ని మింగేస్తుంది. చుట్టడం అయ్యాక దారాన్ని స్కేలు పక్కన లాగి పెట్టి, సున్నా గీత నుంచి కొలవాలి, స్కేలు చివరి నుంచి కాదు. చిన్న స్కేలైతే ఒకసారికి చాలదు, స్కేలు అయిపోయిన చోట గీత పెట్టి జరపాలి. మా పిల్లలు ఎక్కువగా తప్పేది చుట్టడంలో కాదు, ఈ జరపడంలోనే.

చీపురుపల్లి తాపీ మేస్త్రి:
మాస్టారూ, అమ్మా, ఇందులో ఇంత గొడవేటండీ? గదిలో గోడల అడుగున పట్టీలా స్కర్టింగ్ వేసేటప్పుడు నేనూ ఇదే చేస్తాను. నేల మీద గోడ పక్కన ఉన్న టైల్స్ లెక్కపెట్టి అన్ని ముక్కలు తెప్పిస్తాను. రెండడుగుల టైల్స్ ఒకవైపు ఐదు, ఇంకోవైపు ఆరు పడే గది అయితే గోడ పక్కన 18 వస్తాయి. ఎప్పుడూ నాలుగైదు ముక్కలు తక్కువ పడుతుంటాయి. కోతలో పోతున్నాయనుకుని కొంచెం ఎక్కువే తెప్పిస్తున్నాను. లెక్క సరైనదే కదా?

బొబ్బిలి టీచరమ్మ:
మేస్త్రి గారూ, మీ 18, పాప 10, రెండూ ఒకే రకం. మీ గది 10 అడుగులు, 12 అడుగులు. చుట్టూ 44 రన్నింగ్ ఫీట్, అంటే రెండడుగుల ముక్కలు 22. మూల టైల్ రెండు గోడలకి ఆనుకుని ఉంటుంది, దాని దగ్గర రెండు స్కర్టింగ్ ముక్కలు కావాలి. మీరు ఒకటే లెక్కపెడుతున్నారు. మూడడుగుల గుమ్మం తీసేస్తే 41 అడుగులు, అంటే 21 ముక్కలు. గుమ్మం తీసెయ్యడం వల్ల నాలుగు ముక్కల తేడా మూడుకి తగ్గి కనిపిస్తుంది. కోతలో పోయేవి వేరే. ముక్కల్ని వదిలేసి గోడల్ని అడుగుల్లో కొలిచి గుమ్మం తీసెయ్యండి.

చీపురుపల్లి తాపీ మేస్త్రి:
అదా సంగతి. ఈ మాట ముందే తెలిస్తే ఎన్ని బస్తాల తిట్లు తప్పేవో.

పొందూరు వాసి:
నాకూ ఇదే సందేహం. మాకు 5 సెంట్ల స్థలం ఉంది. ప్రహరీ ఎంత పొడవు వస్తుందో సెంట్లని బట్టి సూత్రం ఏదైనా ఉందా? ఇద్దరు మేస్త్రిలు రెండు లెక్కలు చెప్పారు.

బొబ్బిలి టీచరమ్మ:
మీ ప్రశ్న వేరేదండీ, అయినా చెబుతాను. 5 సెంట్లు అంటే 2178 చదరపు అడుగులు. స్థలం 33 అడుగులు, 66 అడుగులు అయితే ప్రహరీ 198 అడుగులు. అదే 5 సెంట్లు 22 అడుగులు, 99 అడుగులు ఉంటే 242 అడుగులు, 44 అడుగుల గోడ ఎక్కువ. సెంట్లు తెలిసినంత మాత్రాన ప్రహరీ తెలియదు. స్థలం చుట్టూ టేపు పట్టుకుని తిరగాల్సిందే.

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
అంతా బాగానే ఉంది. కానీ మేడమ్, మీ దారం ఒకడికి 41, ఇంకొకడికి 43 చూపిస్తుంది. సూత్రం అందరికీ 42 ఇస్తుంది. లెక్కల పీరియడ్‌లో ఉజ్జాయింపులు నేర్పడమేమిటి?

బొబ్బిలి టీచరమ్మ:
ఆ తేడా ఎందుకొచ్చిందో పిల్లలు చెప్పగలగాలి మాస్టారూ, అదే నాకు కావాల్సింది. ఒకే పిల్లకి మూడుసార్లూ 40 చుట్టుపక్కలే వస్తే దారాన్ని మూల దాకా తీసుకెళ్లకుండా అడ్డదారిన తిప్పేస్తోందని అర్థం. ఒకసారి 41, ఒకసారి 44 వస్తే దారం వదులుగా పడుతోంది. పక్కన నిలబడి చూస్తే రెండూ దొరికిపోతాయి.

మీ ఆరో తరగతి పిల్లలకి ఒక చిన్న పని ఇవ్వండి. అదే 4, 3 బొమ్మలో ఒక మూల ముక్క తీసేసి చుట్టుకొలత అడగండి. తర్వాత ఆ ముక్క తిరిగి పెట్టి, పొడవాటి వైపు మధ్యలో ఉన్న ముక్క ఒకటి తీసి అడగండి.

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
ఈ సాయంత్రం అడిగాను. మొదటిదానికి ఎక్కువమంది 13 అన్నారు. ఒకడు పొడవు ఎంత తీసుకోవాలి సార్ అని నన్నే అడిగాడు. రెండోదానికి పెన్నులు కొరుకుతూ కూర్చున్నారు. వాళ్లకి నేర్పింది దీర్ఘచతురస్రం, అడిగింది ఇంకోటి. దీనికి వారం రోజులు దారాలతో గడపాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

రాజాం అమ్మ:
13 కాదా? ముక్క తగ్గింది కదా మరి?

బొబ్బిలి టీచరమ్మ:
కాదమ్మా, 14గానే ఉంటుంది. మూల ముక్క ఉన్నప్పుడు దాని రెండు భుజాలు బయటికి ఉండేవి. తీశాక ఆ రెండూ పోయాయి, కానీ పక్క ముక్కల లోపల దాక్కున్న రెండు భుజాలు బయటపడ్డాయి. దారం అక్కడ లోపలికి మడత పడుతుంది, పొడవు మాత్రం మారదు. వైపు మధ్యలో ముక్క తీస్తే ఒక భుజం పోయి మూడు బయటపడతాయి, కాబట్టి 16. ముక్కలు 12 నుంచి 11కి తగ్గాయి, చుట్టుకొలత పెరిగింది. దారం పెట్టి చూస్తే పాప ఎదురు వాదించదు.

శ్రీకాకుళం అంగన్‌వాడీ టీచర్:
నాకు మాస్టారి మాటా పూర్తిగా నచ్చలేదు, మేడమ్ మాటా నచ్చలేదు. దారం సరే. చుట్టుకొలతకి టైల్స్ ఎందుకండీ? చదరపు ముక్క చేతికిస్తే పిల్లలు ముక్కల్నే లెక్కపెడతారు, అది సహజం. లోపల ఎంత చోటు పట్టిందో చెప్పడానికి టైల్స్ సరిపోతాయి. అంచుకి ఒకే పొడవున్న చీపురు పుల్లలు ఇవ్వండి. ముక్క భుజమంత పుల్లలు కోసి అంచు వెంట పేరిస్తే 14 పుల్లలే పడతాయి, 10 గానీ 18 గానీ వచ్చే దారే ఉండదు. జబ్బు తెచ్చిపెట్టి మందు వెయ్యడమెందుకు?

బొబ్బిలి టీచరమ్మ:
పుల్లలు మంచివే, నేనూ వాడతాను. కానీ 10, 18 పొరపాటు ఇప్పుడు రాకపోతే గళ్ల కాగితం మీద వస్తుంది. అక్కడ గళ్లే ఉంటాయి, పుల్లలు ఉండవు. మూడో రోజు బయటపడితే నేను దగ్గర ఉండి సరిచేస్తాను.

ఇంకో సంగతి చూడండి. అంచు ముక్కల నడిమధ్య నుంచి దారం పోనిస్తే సరిగ్గా 10 భుజాల పొడవు వస్తుంది. బయట పేర్చిన ముక్కల నడిమధ్య నుంచి పోనిస్తే 18. అసలు అంచు ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన ఉంది, 14. పాప కొలిచింది వేరే దారి పొడవు. ఇది పుల్లలతో కనిపించదు, టైల్స్‌తోనే కనిపిస్తుంది.

శ్రీకాకుళం అంగన్‌వాడీ టీచర్:
మీ చేతిలో అయితే కుదురుతుంది. 40 మందికి ఒక్క టీచరు, అందులో నలుగురు దారం నోట్లో పెట్టుకునేవాళ్లు ఉన్నప్పుడు 10 అన్న పిల్ల 10తోనే ఇంటికెళ్లిపోతుంది. ముందు పుల్లలు, తర్వాత దారం, చివర టైల్స్. నేను ఇదే అంటాను.

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
పుల్లలైతే రెండు పీరియడ్లు ఇస్తాను. మూడో పీరియడ్‌లో సూత్రం.

రాజాం అమ్మ:
నిన్న రాత్రి ట్వైన్ దారంతో చేయించాను. మొదట 39 వచ్చింది, మూలల దగ్గర నొక్కమంటే 42కి దగ్గరగా వచ్చింది. మూల ముక్క తీసి చూపిస్తే కాసేపు నమ్మలేదు, మళ్లీ కొలిచింది. తర్వాత అదే నన్ను అడిగింది: మధ్య వరసలో లోపల ఉన్న ముక్క తీసేస్తే ఎంత అని. లోపల చిల్లు పడింది కదా, దాని చుట్టూ నాలుగు భుజాలు. మరి 14 అనాలా, 18 అనాలా? నాకు తెలియలేదు.

చీపురుపల్లి తాపీ మేస్త్రి:
చిల్లు దగ్గర కూడా స్కర్టింగ్ వేయాలంటే 18 అనండి.

బొబ్బిలి టీచరమ్మ:
మేస్త్రి గారు అన్నదే నేనూ చెబుతాను. బయట కంచె మాత్రమే అయితే 14, లోపల నుయ్యి ఉండి దానికీ గట్టు కట్టాలంటే 18. నాలుగో తరగతి పరీక్షలో ఇది అడగరు. కానీ బయట అంచు నుంచి తెంపకుండా లోపలి అంచుకి దారం తీసుకెళ్లగలవేమో ప్రయత్నించమనండి. ఏమంటుందో ఇక్కడ రాయండి.