బారసాలకి ఏం కావాలో ముందే అడగడం మర్యాదేనా?

కాబోయే మేనత్త: అన్నయ్య పాప అక్టోబరు చివర్లో పుట్టింది, 21వ రోజు బారసాల. మొదటి ఏడాది నిజంగా వాడేది, ఇంకెవరూ తేనిది ఇవ్వాలని ఉంది. మూడు వేల లోపు. వదినని నేరుగా అడగొచ్చా? అడిగితే బాగోదని అమ్మ అంటోంది.

వెండిగిన్నె: అమ్మగారి మాటే కరెక్ట్. అడిగి ఇస్తే అది కానుకెలా అవుతుంది? ఉగ్గుగిన్నె ఇవ్వండి, అన్నప్రాసనకి పనికొస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి: ఉగ్గుగిన్నె పనికొచ్చేదే, కాదనను. కానీ అది ఎక్కువగా అమ్మమ్మగారింటి నుంచే వస్తుంది. రెండోది బీరువాలోకే. పైగా ఇప్పటి వెండి ధరకి మూడు వేలల్లో వచ్చేది రేకులా ఉంటుంది, కింద పడితే సొట్ట.

అందరూ దొరికిపోయేది బట్టల దగ్గర. వచ్చినవాళ్ళంతా 0–3 నెలల సైజే తెస్తారు, అవి జనవరి దాటితే పట్టవు. నెలలు లెక్కేయండి. ఈ పాపకి 6–9 నెలల సైజు పట్టేసరికి మే, జూన్. అంటే చేతుల్లేని పల్చటి నూలు జుబ్బాలు కావాలి. ఇప్పుడు షాపుల్లో చలికాలం సరుకే ముందు పెడతారు, చూసి మోసపోవద్దు. ఒక సైజు పెద్దదే తీసుకోండి. లేబుల్ కత్తిరించకుండా, బిల్లుతో ఇవ్వండి.

బాబాయ్_ఖమ్మం: ఆడపిల్ల కదా, పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచేయండి. 250 రూపాయలతో మొదలవుతుంది. మా అన్న మనవరాలికి అదే చేయించాను.

ఇద్దరు పిల్లల తల్లి: మంచిదే బాబాయ్ గారూ, కానీ ఆవిడ అడిగింది మొదటి ఏడాది వాడేది. పైగా ఆ ఖాతా తెరవాల్సింది తల్లిదండ్రులే, మేనత్త కాదు.

పిల్లల వార్డు నర్సు: ఏం ఇచ్చినా వాకర్ మాత్రం వద్దు. దాంతో నడక త్వరగా రాదు, మెట్ల మీంచి పడే ప్రమాదం ఉంది. కెనడాలో 2004 నుంచే నిషేధం. మువ్వల పట్టీలు ఇస్తే మువ్వలు లాగి చూడండి. ఊడిన మువ్వ నోట్లోకి పోతే గొంతులో అడ్డం పడుతుంది. నన్నడిగితే మంచి డ్రై షీట్లు ఇవ్వండి. ఒకటి ఉతికి ఆరేసరికి ఇంకోటి తడుస్తుంది, కాబట్టి ఇంకెవరైనా తెచ్చినా వృథా పోవు.

వెండిగిన్నె: బారసాల పీటల మీద డ్రై షీటా! చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

కాబోయే మేనత్త: వదినని కాకుండా ఆవిడ చెల్లెల్ని అడిగాను. ఉగ్గుగిన్నెలు అప్పటికే రెండు ఖాయమట, దోమతెర బుట్ట కూడా. ఎవరేం తెస్తున్నారో తనే రాసి పెడుతోంది. జుబ్బాలు, డ్రై షీట్లు నా పేరు మీద రాయించాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

వెండిగిన్నె: చెల్లెలికి చెప్తే అక్కకి చెప్పినట్టే కదమ్మా.