స్క్యూ పెడితే సెటప్ సరిపోయింది, హోల్డ్ పోయింది. ఎందుకు?

అనంతపురం_ఈసీఈ: అన్నా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. క్లాక్ పీరియడ్ 2 నానోసెకండ్లు. ఒక దారిలో సెటప్ స్లాక్ -0.05. డేటా అందుకునే ఫ్లాప్ క్లాక్‌ను బఫర్‌తో 0.1 ఆలస్యం చేస్తే +0.05 అయింది. కానీ అదే ఫ్లాప్‌కు వచ్చే ఇంకో చిన్న దారిలో హోల్డ్ +0.09 నుంచి -0.01కి పడిపోయింది. డేటా దారిని ముట్టుకోనే లేదు!

కర్నూలు_కుర్రోడు: పీరియడ్ 2.2 చెయ్ బ్రో, అన్నీ సర్దుకుంటాయి.

పాత_టైమింగ్: సెటప్ వరకే సర్దుకుంటుంది. ఆ దారిలో డేటాకు 1.9 పడుతుంది, సెటప్‌కు 0.15 కావాలి, మొత్తం 2.05. గడువు 2 నుంచి 2.1కి జరిగింది కాబట్టి గట్టెక్కింది. హోల్డ్ లెక్కలో పీరియడే లేదు. చిన్న దారిలో కొత్త డేటా 0.14కే వచ్చేస్తుంది. పాతది 0.05 దాకా నిలిస్తే చాలనుకున్నది, ఇప్పుడు 0.15 దాకా నిలవాలి.
గుత్తిలో బస్సును పది నిమిషాలు ఆపావనుకో. ఆలస్యంగా వచ్చినోడు ఎక్కుతాడు, తర్వాతి బస్సుకు రావాల్సినోడూ ఎక్కేస్తాడు.

కడప_ల్యాబ్: ఇది మాకూ తగిలింది. ఎఫ్‌పీజీఏలో షిఫ్ట్ రిజిస్టర్, ఎల్‌ఈడీలు ఒక్కొక్కటిగా వెలగాలి. మూడోది, నాలుగోది ఎప్పుడూ జంటగానే వెలిగేవి. బటన్ బౌన్స్ అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాం. క్లాక్‌ను సెకనుకు ఒకసారికి తగ్గించినా అదే కథ. చివరికి చూస్తే నాలుగో ఫ్లాప్ నుంచి క్లాక్ ఒక గేటు గుండా పోతోంది. గేటు తీసేసి క్లాక్ ఎనేబుల్ వాడితే కుదిరింది.

పాత_టైమింగ్: సరిగ్గా హోల్డ్ తప్పే. మూడో ఫ్లాప్ కొత్త విలువను నాలుగోది అదే అంచులో పట్టేసింది.

కర్నూలు_కుర్రోడు: సరే, ఒప్పుకుంటా. అయితే డి పిన్ దగ్గర 0.02 బఫర్ వేస్తే పోతుందిగా?

పాత_టైమింగ్: అక్కడ వేస్తే పొడుగు దారికీ తగులుతుంది, సెటప్ +0.03 అవుతుంది. చిన్న దారిలో మాత్రమే, రెండూ కలిసే చోటుకు ముందే వెయ్యి. తమ్ముడూ, ఆ ఫ్లాప్ నుంచి బయల్దేరే తర్వాతి దారి చూశావా? అక్కడి నుంచే 0.1 తెచ్చుకున్నావు.

అనంతపురం_ఈసీఈ: అయ్యో, అక్కడ సెటప్ +0.08 ఉండేది, ఇప్పుడు -0.02! స్క్యూ 0.07 చేస్తే? ఇక్కడ సెటప్ +0.02, హోల్డ్ +0.02, తర్వాతి దారి +0.01.

పాత_టైమింగ్: కాగితం మీద కుదిరింది. కానీ ఆ బఫర్ ఆలస్యం స్లో కార్నర్‌లో ఒకటి, ఫాస్ట్ కార్నర్‌లో ఒకటి. రెండింట్లోనూ రిపోర్టు తీసి పెట్టు, చూద్దాం.

కడప_ల్యాబ్: నేనైతే స్క్యూ జోలికి పోకుండా ఆ 1.9 దారిలో గేట్లు తగ్గిస్తా.