వారపు పట్టికలో మూడో స్థానం, పరుగు మాత్రం వెనక్కి: గుంపు వదిలేయాలా?

తొలికోడి: నాకు 38 ఏళ్లు, రెండేళ్లుగా పరుగెత్తుతున్నాను. ఐదు వారాల కిందట ఆప్‌లో ఒక గుంపులో చేరాను. వారంలో ఎవరు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో అక్కడ పట్టిక వస్తుంది. అప్పట్లో నాది 30, ఇప్పుడు 46. పట్టికలో మూడో స్థానం. కానీ 10 కిలోమీటర్లకు పట్టే సమయం 58 నిమిషాల నుంచి 61కి పెరిగింది. నిద్ర లేవగానే నాడి 56 ఉండేది, ఇప్పుడు 63. మొదటి స్థానంలో ఉన్నాయన నాకన్నా ఆరేళ్లు పెద్ద, వారానికి 65 కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఆయనకు లేని అలసట నాకెందుకు? గుంపు వదిలేయమంటారా?

ఒంటరిబాట: ఈ రోజే వదిలేయండి. నేను ఆప్ తీసేసి రెండేళ్లయింది, ప్రాణం హాయిగా ఉంది. 220లోంచి వయసు తీసేసి, గుండె వేగం అందులో 70 శాతం దాటకుండా పరుగెత్తండి. మీకు 127. అంతకు మించి ఏ లెక్కా అక్కర్లేదు.

పాతబూట్లు: తొందరపడకండి. అసలు అంకె ఇంకా రాలేదు. తొలికోడి గారూ, తేలికగా పరుగెత్తే రోజుల్లో మీకు కిలోమీటరుకు ఎంత పడుతోంది? గుంపులో చేరకముందు ఎంత? ఆ మొదటి స్థానం ఆయన పరుగులు కూడా ఒక్కొక్కటిగా తెరిచి చూడండి.

తొలికోడి: అప్పుడు 7:10, ఇప్పుడు 6:15. అందరికీ కనిపిస్తుంది కదా, ఏడు దాటితే నామోషీగా ఉంటుంది. ఆయనవి చూసి తెల్లబోయాను. వారంలో నాలుగు రోజులు 6:45 దగ్గరే ఉన్నారు! 10 కిలోమీటర్ల పోటీ మాత్రం 47 నిమిషాల్లో ముగించారు.

పాతబూట్లు: తిరకాసు అక్కడే ఉంది. పోటీలో ఆయన కిలోమీటరు 4:42. తేలిక రోజున దానికి రెండు నిమిషాలకు పైగా నెమ్మదిస్తున్నారు. మీ పోటీ వేగం 5:48, తేలిక రోజున 6:15. అంటే 27 సెకన్లే తగ్గారు. అది తేలిక పరుగు కాదు, రోజూ సగం పోటీ. మీరు ఆయన దూరాన్ని చూసి పోల్చుకున్నారు. పోల్చుకోవలసింది ఈ తేడాను. ఆ 65 కిలోమీటర్లు ఆయన ఒంటికి పెట్టే ఖర్చు మీ 46 కన్నా తక్కువే కావచ్చు.

పట్టిక కిలోమీటర్లను కూడుతుందే తప్ప ఎంత కష్టపడి పరుగెత్తారో చూడదు. పైగా ఐదు వారాల్లో దూరం సగానికి పైగా పెంచారు. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, మడమ వెనక స్నాయువు అంత త్వరగా పడదు.

మొదటి వారం 20, రెండో వారం 25 కిలోమీటర్లు, అన్నీ 7:15 కన్నా నెమ్మదిగా పరుగెత్తండి. రోజూ లేవగానే నాడి రాసుకోండి. అది దిగితే ఇన్నాళ్లూ భారం ఎక్కువైందన్నమాట. దిగకపోతే పరుగుపై నింద వేయకుండా వైద్యుడికి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే అలసట పెడతాయి.

ఒంటరిబాట గారూ, 220 లెక్క సగటు మనిషిది. ఒక్కో మనిషికి పది, పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. 127 పట్టుకుని కూర్చుంటే ఈయన నడవవలసి రావచ్చు. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పగలిగితే చాలు.

అడుగులలెక్క: నేనూ ఇంతేనండీ. రోజుకు 10,000 అడుగులు వేస్తున్నా మా వదిన 14,000 వేస్తుంది. ఏ వాచీ సరిగ్గా లెక్కపెడుతుంది?

పాతబూట్లు: వాచీ సంగతి వేరే చర్చలో చూద్దాం. అన్నట్టు ఆ 10,000 అనే అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. వదినగారిని వదిలేయండి.

సంజెపరుగు: పోలికే జబ్బు అంటే నేను ఒప్పుకోను. గుంపు లేని ఆరు నెలలూ నేను బూట్లు ముట్టుకోలేదు. నాతోపాటే మొదలుపెట్టిన నలుగురితో చిన్న గుంపు కట్టుకున్నాను. వారానికి ఎన్ని రోజులు బయటికి వచ్చామన్నదే మా లెక్క. నామోషీ మాటకు వస్తే, స్ట్రావా ఆప్‌లో పరుగును సవరించే చోట వేగాన్ని ఇతరులకు కనపడకుండా దాచవచ్చు. నేను దాచిన వారమే నా తేలిక పరుగు 40 సెకన్లు నెమ్మదించింది. అంటే అప్పటిదాకా ఎవరి కోసం పరుగెత్తానో చూడండి.

ఒంటరిబాట: మీ వేగం దాచుకుంటారు సరే. ఎదుటివాళ్లది మీకు కనిపిస్తూనే ఉంటుంది కదా?

సంజెపరుగు: కనిపిస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు.

తొలికోడి: పన్నెండు రోజులైంది. ఈ ఉదయం నాడి 58. వేగం దాచేశాను, 7:20లో పరుగెత్తుతుంటే పాటలు పాడుకోగలుగుతున్నాను. పట్టికలో పదకొండో స్థానానికి జారాను. గుంపు వదల్లేదు. నిన్న రాత్రి కూడా రెండుసార్లు తెరిచి చూశాను.